ఆకాశం మీద అతుకు పడకుండా

భీమిలి తీరంలో తెల్లవారుజామున తీసిన ఒక ఫొటో ఊహించుకోండి. పెళ్లికి ముందు తీసే ఫొటోషూట్. సూర్యుడు ఇంకా నీళ్ల పైకి రాలేదు. సముద్రం అంచున పసుపు కలిసిన లేత నారింజ రంగు ఉంది. పైకి వెళ్లేకొద్దీ అది ఎక్కడ మారిందో తెలియకుండానే బూడిద కలిసిన నీలంలోకి దిగిపోతోంది. మబ్బు తునక కూడా లేదు. జంట ఎడమవైపు నిలబడి ఉంటే కుడివైపు ఖాళీ ఆకాశంలో రెక్కలు చాపిన గద్ద ఒకటి కనిపిస్తోంది. 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో ఫొటో వెడల్పు 6000 పిక్సెళ్లు, అందులో ఆ గద్ద 44 పిక్సెళ్లు. దాన్నే 12×36 ఆల్బమ్ షీటులో సగానికి, అంటే 18 అంగుళాల వెడల్పున వేస్తే, గద్ద కాస్త అటూఇటూగా మూడు మిల్లీమీటర్లు వస్తుంది. ఆ సైజులో అది గద్ద అని ఎవరికీ తెలియదు, కాగితం మీద ఏదో నలక పడిందనుకుంటారు. అందుకే తీసేయమంటారు.

తీసేయడం నిమిషం పని. తీసినచోట ఏమీ జరగనట్టు ఉంచడమే కష్టం. ఇసుక మీదో చెట్ల మధ్యో ఎంత మోటుగా అతికినా చెల్లిపోతుంది, ఎందుకంటే అక్కడ కన్నుకు చూడ్డానికి వేరే పని బోలెడుంటుంది. వట్టి ఆకాశంలో అలా దాక్కునే చోటు లేదు. దానికి తోడు, పక్కపక్కనున్న రెండు వెలుగుల మధ్య తేడా ఎంత తక్కువైనా మన కన్ను ఆ సరిహద్దును ఎక్కువ చేసి చూపిస్తుంది. ముదురు వైపు ఇంకాస్త ముదురుగా, లేత వైపు ఇంకాస్త లేతగా కనబడుతుంది. ఈ సంగతిని ఎర్న్‌స్ట్ మాక్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త 1865లోనే వివరించాడు, అందుకే వాటిని మాక్ బ్యాండ్లు అంటారు. రంగుల కొలతల్లో ఒకటో రెండో అంకెల తేడాతో ఉన్న అతుకును కూడా ఆల్బమ్ తిప్పే పెద్దావిడ వేలు పెట్టి చూపించగలిగేది ఈ కన్ను వల్లే.

ఇంతకీ ఆ ఆకాశంలో ఏముంది? రెండే ఉన్నాయి. ఒకటి వాలు. పై నుంచి కిందికి, లేదా వెలుగు వచ్చే దిక్కు నుంచి దూరానికి, నెమ్మదిగా మారే వెలుగు అది. రెండోది గ్రెయిన్. కెమెరా సెన్సార్ ఎంత మంచిదైనా ఒక్కో పిక్సెల్ పక్కదానికంటే కొంచెం ఎక్కువో తక్కువో చదువుతుంది. 100 శాతానికి జూమ్ చేస్తే సన్నని ఇసుకలా కనిపించేది అదే. గద్దను తీసినచోట ఈ రెండూ తిరిగి రావాలి, రెండూ చుట్టుపక్కల ఉన్నట్టే రావాలి. వాలు తప్పితే మచ్చ పడుతుంది. గ్రెయిన్ పోతే నున్నటి చందమామ లాంటి గుండ్రం మిగులుతుంది. చాలామంది రంగు కలిసిందా అని మాత్రమే చూసుకుని గ్రెయిన్ సంగతి వదిలేస్తారు. ప్రింటులో పట్టుబడేది ఎక్కువగా అక్కడే.

ముందు వాలు లెక్క చూద్దాం. మన భీమిలి ఫొటోలో ఆకాశం 3000 వరసల ఎత్తు ఉందనుకోండి. పైన వెలుగు విలువ 130, సముద్రం అంచు దగ్గర 190. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 0 నుంచి 255 దాకా మొత్తం 256 మెట్లే ఉంటాయి. అంటే మన ఆకాశం అంతటికీ దక్కేది 60 మెట్లు. 3000 వరసల్లో 60 మెట్లంటే ఒక్కో మెట్టు 50 వరసల మందం. ఇప్పుడు గద్ద మీద పెట్టడానికి దానికి 150 వరసల పైనున్న ఆకాశాన్ని క్లోన్ స్టాంప్‌తో తెచ్చారనుకోండి. తెచ్చిన ముక్క చుట్టుపక్కల కంటే మూడు మెట్లు ముదురుగా ఉంటుంది. స్క్రీన్ మీద దగ్గరగా చూస్తే బాగానే ఉన్నట్టుంటుంది, కాస్త దూరం జరిగి చూస్తే గద్ద ఉన్నచోట పొగ మరక కనిపిస్తుంది.

కాబట్టి మొదటి నియమం చాలా తేలిక. నమూనా ఎప్పుడూ అదే ఎత్తు నుంచి, పక్కకి జరిగి తీసుకోవాలి. తెల్లవారుజామున సముద్రం మీద వెలుగు పై నుంచి కిందికి మారినంతగా అడ్డంగా మారదు. అయితే సూర్యుడు ఫ్రేములోనే ఉంటే సంగతి వేరు. అప్పుడు వెలుగు సూర్యుడి చుట్టూ గుండ్రంగా తగ్గుతుంది కనుక నమూనా కూడా ఆ గుండ్రం వెంటే, సూర్యుడికి అంతే దూరంలో ఉన్న చోటు నుంచి రావాలి. ఫొటో మూలల దగ్గర లెన్స్ వల్ల వచ్చే నలుపు కూడా వాలును వంచేస్తుంది. మూలలో ఉన్న పక్షికి నమూనా మధ్యలోంచి తేకూడదు.

ఎంత జాగ్రత్తగా ఎంచుకున్నా క్లోన్ స్టాంప్ ఉన్నదున్నట్టు తెచ్చి పెడుతుంది, చుట్టుపక్కలతో సర్దుకోదు. ఆకాశానికి అసలు పనిముట్టు హీలింగ్ బ్రష్. ఇది 2002లో ఫొటోషాప్ 7.0తో వచ్చింది. ఇది నమూనా నుంచి గ్రెయిన్‌ను, అంటే పిక్సెల్‌కీ పిక్సెల్‌కీ మధ్య ఉన్న చిన్న తేడాలను తీసుకుంటుంది. వెలుగును, రంగును మాత్రం మనం గీసిన గీత చుట్టూ ఉన్న అంచు నుంచి తీసుకుని లోపలంతా సర్దుతుంది. నమూనా మూడు మెట్లు ముదురుగా ఉన్నా ఆ తేడాను మింగేస్తుంది. వాలు, గ్రెయిన్ అని మనం విడదీసుకున్న రెండు పనులనూ ఒకే గీతలో చేసే పనిముట్టు ఇది. జింప్‌లో ఉన్న హీల్ టూల్ కూడా ఇదే తరహా.

అయితే అంచు నుంచి రంగు తీసుకోవడమే దాని బలహీనత కూడా. గీత అంచు గద్ద రెక్కకు తగిలిందంటే ఆ నలుపే లోపలికి పారుతుంది. గద్ద పోయి దాని స్థానంలో మసక నీడ మిగలడానికి కారణం ఇదే. అందులోనూ రెక్క చివర అనుకున్నచోట రెక్క అయిపోదు. షార్పెనింగ్ వల్ల పక్షి చుట్టూ రెండు మూడు పిక్సెళ్ల మేర లేత అంచు ఏర్పడుతుంది. జేపెగ్ అయితే ఫొటోను 8×8 పిక్సెళ్ల గడులుగా కోసి కుదిస్తుంది కనుక పక్షి ఉన్న గడి అంతటా చిన్న చిన్న అలల్లాంటి మరకలు ఉంటాయి. అందుకే గద్దకు అన్ని వైపులా పదేసి పిక్సెళ్లు కలిపి లెక్కేసుకోవాలి. 44 పిక్సెళ్ల పక్షికి 70 పిక్సెళ్ల బ్రష్ పెట్టి, ఒక్క నొక్కుతో మొత్తం కప్పేయాలి. చిన్న బ్రష్‌తో పది నొక్కులు నొక్కితే ప్రతి నొక్కూ మిగిలిన పక్షి ముక్కను అంచుగా చూస్తుంది, మళ్లీ నలుపు పారుతుంది.

గద్ద కొండకు దగ్గరగా ఎగురుతుంటే ఇదే ఇబ్బంది కొండతో వస్తుంది. బ్రష్ అంచు కొండను తాకితే ఆకుపచ్చ నలుపు ఆకాశంలోకి ఎక్కుతుంది. అప్పుడు లాసోతో ఆకాశం వైపు మాత్రమే సెలెక్షన్ గీసుకుని ఆ తర్వాత హీల్ చేయాలి. సెలెక్షన్ బయట ఉన్నదాన్ని హీలింగ్ బ్రష్ అంచుగా తీసుకోదు.

ఇక ఎక్కువమంది పట్టించుకోని విషయం బ్రష్ అంచు. అతుకు కనబడకూడదని మెత్తటి అంచున్న బ్రష్‌తో క్లోన్ చేయడం అందరికీ అలవాటు. వినడానికి సబబుగానే ఉంటుంది, కానీ గ్రెయిన్‌కి అది విషం. మెత్తటి అంచు మధ్యలో పాత ఆకాశం సగం, కొత్త ఆకాశం సగం కలుస్తాయి. రెండింటిలోనూ గ్రెయిన్ ఉంది కానీ ఆ రెండింటికీ ఒకదానితో ఒకటి పొంతన లేదు. ఒకచోట పిక్సెల్ ఎక్కువ చదివితే రెండోదాంట్లో అదే చోట తక్కువ చదివి ఉండొచ్చు. సగం సగం కలిపినప్పుడు అవి ఒకదాన్నొకటి కొంత కొట్టేసుకుంటాయి. లెక్క ప్రకారం అక్కడ గ్రెయిన్ బలం 30 శాతం దాకా పడిపోతుంది. దాంతో అతుకు చుట్టూ నున్నటి ఉంగరం ఏర్పడుతుంది. తక్కువ ఓపాసిటీతో మళ్లీ మళ్లీ రుద్దితే ఉంగరం కాస్తా మొత్తం గుండ్రమవుతుంది. అందుకే ఆకాశం మీద హీలింగ్ బ్రష్ వాడేటప్పుడు Hardness ను 90కి పైనే ఉంచాలి. అంచును కలిపే పని అది లెక్కతో చేసుకుంటుంది, మనం మెత్తబరచాల్సిన అవసరం లేదు.

గ్రెయిన్ పోతే ఇంత నష్టమేమిటని అడగొచ్చు. బ్యాండింగ్ వచ్చేది అందుకే. మన ఆకాశంలో ఒక్కో మెట్టు 50 వరసల మందం అనుకున్నాం కదా. ఆ మెట్లు అసలు ఫొటోలో కనిపించకపోవడానికి కారణం గ్రెయినే. ఒక మెట్టు అయిపోయి తర్వాతది మొదలయ్యే చోట గ్రెయిన్ ఊగిసలాట వల్ల కొన్ని పిక్సెళ్లు ముందే కిందికి దిగుతాయి, కొన్ని ఆలస్యంగా దిగుతాయి. గీత పడాల్సినచోట చెదిరిన చుక్కలే ఉంటాయి, కన్ను వాటిని సాఫీ వాలుగా చదువుకుంటుంది. గ్రెయిన్ తుడిచేసిన మరుక్షణం ఆ చుక్కలు సర్దుకుని గీత అయిపోతాయి. ఇక మాక్ చెప్పినట్టు కన్ను ఆ గీతను ఎక్కువ చేసి చూపిస్తుంది. అందుకే నాయిస్ రిడక్షన్ గట్టిగా వేసి ఆకాశాన్ని అద్దంలా చేశాక పక్షిని తీయడం తలకిందుల పని. పక్షిని ముందే తీయాలి, నాయిస్ తగ్గించడం ఆ తర్వాత, అదీ కొంచెంగా.

ఇక్కడే 16 బిట్ మాట వస్తుంది. కెమెరా రా ఫైలులో 12 బిట్లంటే 4096 మెట్లు, 14 బిట్లంటే 16384 మెట్లు ఉంటాయి. రా ఫైలును 16 బిట్‌లో తెరిచి పనిచేస్తే, కర్వ్స్‌తో ఆకాశాన్ని ఎంత లాగినా మధ్యలో వేసుకోవడానికి మెట్లు మిగిలే ఉంటాయి. 8 బిట్ జేపెగ్‌లో అదే పని చేస్తే ఉన్న 60 మెట్లే దూరం దూరం జరుగుతాయి. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోవాలి, జేపెగ్ తెరిచాక దాన్ని 16 బిట్‌కి మార్చినంత మాత్రాన పోయిన మెట్లు తిరిగి రావు. ఆ తర్వాత చేసే పనిలో కొత్తగా పోకుండా ఉంటాయంతే. ఆ మేరకు లాభమే.

ఇప్పుడు భీమిలి గద్దను వరసగా తీసేద్దాం. రా ఫైలు 16 బిట్‌లో తెరిచాం, కాంట్రాస్ట్ ఇంకా పెంచలేదు. కొత్త ఖాళీ లేయర్ వేసుకున్నాం. హీలింగ్ బ్రష్ ఎంచుకుని పైన Sample దగ్గర Current & Below పెట్టాం. All Layers పెట్టకూడదు. పైన ఏదైనా కర్వ్స్ లేయర్ ఉంటే దాని ప్రభావం కూడా నమూనాలోకి వచ్చి, మళ్లీ ఆ కర్వ్స్ కిందే పడి రెండుసార్లు అవుతుంది. గ్రెయిన్, రంగు అన్నీ బాగున్నా మచ్చ ఎందుకొచ్చిందో అర్థంకాక తలపట్టుకునే చోట్లలో ఇదొకటి. బ్రష్ 70 పిక్సెళ్లు, Hardness 100. గద్దకు 200 పిక్సెళ్లు కుడిగా, అదే ఎత్తులో Alt నొక్కి నమూనా తీసుకున్నాం. గద్ద నడిమధ్యన ఒక్క నొక్కు. గద్ద లేదు.

పని అయిందనుకోకూడదు, తనిఖీ ఇప్పుడే మొదలు. అన్నిటికీ పైన ఒక Levels లేయర్ వేయండి. గద్ద ఉన్నచోట ఆకాశం విలువ 165 చుట్టూ ఉంది. ఎడమ స్లైడర్‌ను 145కి, కుడిదాన్ని 185కి తెండి. 40 మెట్లు 256 మెట్లంత పొడవుగా సాగుతాయి, అంటే తేడాలన్నీ ఆరు రెట్లకు పైగా పెరుగుతాయి. ఒక మెట్టు తేడాతో దాక్కున్న మచ్చ ఇప్పుడు కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఫొటోను 25 శాతానికి చిన్నది చేసి చూడండి, వాలులో తప్పు ఉంటే మసక మచ్చగా తేలుతుంది. తర్వాత 200 శాతానికి పెంచి చూడండి, గ్రెయిన్‌లో తప్పు ఉంటే నున్నటి ముక్కగా తేలుతుంది. ఈ రెండు తప్పులూ ఒకే జూమ్‌లో కనబడవు కనుక రెండు దూరాల నుంచీ చూడాల్సిందే. మచ్చ ఉంటే ఆ లేయర్‌లోది చెరిపేసి నమూనా ఎడమవైపు నుంచి తీసుకుని మళ్లీ నొక్కండి. ఉన్న అతుకు మీద అతుకు వేస్తూ పోవద్దు. అంతా సరిపోయాక Levels లేయర్‌ను తీసేయండి.

ఈ తనిఖీలో మనం ముట్టుకోని ఆకాశంలో కూడా చారలు కనబడితే అవి మన పనివల్ల వచ్చినవి కావు. మామూలుగా చూసినప్పుడే చారలు ఉంటే ముందు స్క్రీన్‌ను అనుమానించండి. చవక ల్యాప్‌టాప్ స్క్రీన్లలో చాలావాటికి నిజంగా చూపించగలిగేది ఒక్కో రంగుకు 64 మెట్లే, మిగతావి పిక్సెళ్లను వేగంగా మార్చి మాయ చేస్తాయి. చార మీదుగా ఐడ్రాపర్‌ను నెమ్మదిగా జరుపుతూ Info లో అంకెలు చూడండి. అంకెలు ఒక్కొక్కటిగా, కాస్త ఊగుతూ మారుతుంటే ఫైలు శుభ్రంగానే ఉంది.

విమానం సంగతి కొంచెం వేరు. ఒక్క విమానమే అయితే గద్దలాగే తీసేయొచ్చు. వెనకాల పొగచార ఉంటేనే ఇబ్బంది. సన్నటి చార అయితే ఒక చివర నొక్కి, Shift పట్టుకుని రెండో చివర నొక్కితే హీలింగ్ బ్రష్ తిన్నగా గీసుకుంటూ పోతుంది. గాలికి విచ్చుకుని పరుచుకున్న చారకు మాత్రం అంచు ఎక్కడుందో తెలియదు. అంచు అనుకుని బ్రష్ ఆపిన చోట ఇంకా తెలుపు ఉంటుంది, ఆ తెలుపే లోపలికి పారుతుంది. దీనికి వాలును, గ్రెయిన్‌ను విడివిడిగా కట్టుకోవాలి.

ముందు చారను పైపైన హీల్ చేసి, కనబడేదంతా ఒక కొత్త లేయర్‌గా మార్చుకోండి. దాని మీద Gaussian Blur 60 పిక్సెళ్లు వేయండి. ఇది వాలు మాత్రమే. లేయర్‌కి నల్లటి మాస్క్ పెట్టి చార ఉన్నచోట మాత్రమే తెల్లగా గీసి బయటపెట్టండి. కొండకో ఫ్రేము అంచుకో దగ్గరికి వెళ్లొద్దు, అంత బ్లర్‌లో వాటి రంగు కూడా కలిసి ఉంటుంది. ఇప్పుడు అక్కడ గ్రెయిన్ లేదు, దాన్ని లెక్కతో ఇవ్వాలి. ముందు ముట్టుకోని ఆకాశంలో 50×50 పిక్సెళ్ల చతురస్రం సెలెక్ట్ చేసి, Histogram ప్యానెల్‌లో Std Dev చూడండి. మన ఫొటోలో అది 2 ఉందనుకుందాం. బ్లర్ లేయర్‌కి Filter లోని Add Noise తో Gaussian నాయిస్ కొంచెం ఎక్కువగా ఇచ్చి, దానిమీద 0.4 పిక్సెళ్ల Gaussian Blur వేయండి. కెమెరా గ్రెయిన్ విడి పిక్సెళ్లుగా ఉండదు, పక్కపక్కవి కాస్త అంటుకుని ఉంటాయి. ఆ చిన్న బ్లర్ లేకపోతే అతికిన చోట గ్రెయిన్ గరుకుగా, వేరే కెమెరాతో తీసినట్టుంటుంది. బ్లర్ వేశాక Std Dev తగ్గుతుంది. సరిగ్గా 2 దగ్గరికి వచ్చేదాకా మొదటి నాయిస్ మోతాదు మార్చి చూసుకోవాలి. మాస్క్ అంచు మెత్తగా ఉంటే ఇక్కడ కూడా ఉంగరం సమస్య వస్తుంది. మాస్క్ అంచును నాలుగైదు పిక్సెళ్లకు మించి మెత్తబరచకండి.

ఫోన్‌లో ఇంత చేయలేం. ఫోన్ కెమెరా ఇచ్చే జేపెగ్‌లో ఆకాశాన్ని అప్పటికే నున్నగా చేసేసి ఉంటుంది. స్నాప్‌సీడ్ లాంటి యాప్‌లో హీలింగ్‌తో పక్షిని తీయడం మొదటి పనిగా పెట్టుకోండి, ఫిల్టర్లు, కాంట్రాస్ట్ తర్వాత. చివర్లో ఫొటో మొత్తానికీ చాలా తక్కువ మోతాదులో గ్రెయిన్ వేస్తే అతుకూ ఆకాశమూ ఒకే తీరుకు వస్తాయి, మెట్లు కూడా చాలావరకు చెదిరిపోతాయి. ఇక వార్తల ఫొటో అయితే పక్షినైనా విమానాన్నైనా తీయకూడదు. వరల్డ్ ప్రెస్ ఫొటో లాంటి పోటీల్లో ఫొటోలో ఉన్నదాన్ని తీసేస్తే ఆ ఫొటోను పోటీ నుంచే పక్కన పెడతారు.

ఆఖరి ప్రమాదం పని అంతా అయ్యాక, ఫైలు చేతులు మారేటప్పుడు ఉంది. ల్యాబ్‌లు ఎక్కువగా జేపెగ్ అడుగుతాయి. జేపెగ్ కుదింపు ముందుగా పారేసేది సన్నటి వివరాన్నే, అంటే మనం ఇంత కష్టపడి నిలబెట్టిన గ్రెయిన్‌ను. క్వాలిటీ తగ్గేకొద్దీ 8×8 గడులు ఒక్కో రంగుతో చదునుగా మారిపోయి, ఆకాశంలో మెట్లతో పాటు గడులు కూడా బయటపడతాయి. క్వాలిటీ 12లో 10కి తక్కువ కాకుండా సేవ్ చేయండి. కస్టమర్‌కి చూపించడానికి వాట్సాప్‌లో పంపేటప్పుడు గ్యాలరీలోంచి ఫొటోగా పంపొద్దు, డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే అది మళ్లీ చిన్నది చేసి, మళ్లీ కుదిస్తుంది. “అన్నా, ఆకాశంలో గీతలొచ్చాయి” అని ఎవరైనా ఫోన్ చేస్తే, రీటచింగ్ ఫైలు తెరిచే ముందు వాళ్ల దగ్గరికి వెళ్లిన ఫైలు ఎన్ని కేబీలు ఉందో అడగండి. పది ఎంబీల ఫొటో మూడొందల కేబీలుగా చేరి ఉంటే ఆ గీతలు ఆకాశంలోవి కావు, దారిలో పడ్డవి.